టేక్-హోమ్ అసైన్‌మెంటుకు గడువు పెంచమని అడగడం: ఎప్పుడు, ఎంత, ఏ మాటల్లో

ప్రశ్న: "నమస్కారమండీ. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో స్టాక్ డేటా చూసే ఉద్యోగం నాది. హైదరాబాదులోని ఒక కంపెనీ డేటా అనలిస్టు పోస్టు కోసం ఈరోజు, అంటే గురువారం సాయంత్రం 6 గంటలకు టేక్-హోమ్ అసైన్‌మెంటు పంపింది. ఆరు గంటల పని అన్నారు, ఆదివారం రాత్రి 11:59 లోపు పంపాలి. ఆ ఆదివారమే మార్చి 31. శని, ఆదివారాలు రెండూ మా ప్లాంటులో ఏడాది చివరి స్టాక్ లెక్కింపు, సెలవు పెట్టే వీలు లేదు. గడువు పెంచమని అడిగితే ఆసక్తి లేదనుకుంటారేమోనని భయంగా ఉంది. అడగాలా, ఎలాగోలా ముగించి పంపేయాలా?"

అడగండి. రేపు, శుక్రవారం ఉదయం 9:30 లోపు అడగండి. "కొంచెం సమయం ఇవ్వండి" అని కాకుండా "ఏప్రిల్ 3, బుధవారం ఉదయం 9 గంటల వరకు" అని తేదీనీ గంటనూ చెప్పి అడగండి. ముందుగా, ఒక్కసారి, కచ్చితమైన తేదీతో అడిగిన అభ్యర్థికి ఆసక్తి లేదని నేను ఎన్నడూ అనుకోలేదు. నాతో కలిసి అసైన్‌మెంట్లు దిద్దినవారు అలా అనుకోగా కూడా చూడలేదు. దిద్దేవారి ముందు ఉండేది మీరు పంపిన ఫైళ్లు మాత్రమే. శనివారం మీరు కోల్డ్ స్టోరేజీలో కార్టన్లు లెక్కపెడుతూ గడిపారన్న సంగతి ఆ ఫైళ్లలో కనిపించదు. అరకొరగా ముగించిన పని మాత్రం కనిపిస్తుంది.

నేను కాకినాడలో ఇంటి నుంచే పనిచేస్తూ, 11 ఏళ్లుగా డేటా ఉద్యోగాల నియామకాల్లో ఇలాంటి అసైన్‌మెంట్లు తయారు చేస్తున్నాను, దిద్దుతున్నాను. అంతకుముందు అభ్యర్థిగా రాసి పంపిన అనుభవమూ ఉంది. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మొదట ఒక తేడాను స్పష్టంగా పట్టుకోవాలి, ఎందుకంటే మీ అభ్యర్థన మొత్తం దాని మీదే నిలబడుతుంది. అసైన్‌మెంటు పంపేవారు రెండు వేర్వేరు సంగతులు చెబుతారు. ఒకటి పని సమయం, మీ విషయంలో ఆరు గంటలు. రెండోది గడువు, మీ విషయంలో గురువారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు, సుమారు మూడు రోజులు. ఆరు గంటల పనికి మూడు రోజులు ఇవ్వడానికి కారణం అభ్యర్థులలో చాలామంది ఉద్యోగాల్లో ఉంటారనీ, వారాంతం దొరికితే చేసుకుంటారనీ ఊహించడమే. మీకు ఆ ఊహ తప్పింది, వారాంతమే దొరకలేదు. కాబట్టి మీరు అడుగుతున్నది పని సమయం పెంచమని కాదు, గడువును జరపమని మాత్రమే. ఈ తేడా మీ మాటల్లో కనిపించకపోతే, దిద్దేవారికి వెంటనే వచ్చే సందేహం "మిగతావారు ఆరు గంటల్లో చేసినదాన్ని ఇతను పన్నెండు గంటల్లో చేస్తే, ఇద్దరినీ ఎలా పోల్చాలి?" అన్నది. ఆసక్తి గురించిన అనుమానం కన్నా ఈ అనుమానమే ఎక్కువసార్లు అభ్యర్థన తిరస్కరణకు దారితీయడం నేను చూశాను. "పనికి మీరు చెప్పిన ఆరు గంటలే వెచ్చిస్తాను" అన్న ఒక్క వాక్యంతో అది తీరిపోతుంది.

ఇప్పుడు ఎంత అడగాలన్నది. దీన్ని అంచనాగా కాకుండా కాగితం మీద గంటలు వేసి తేల్చుకోండి. గురువారం రాత్రి భోజనమయ్యాక రెండు గంటలు దొరుకుతాయనుకుందాం. శుక్రవారం మర్నాటి లెక్కింపుకు షీట్లు సిద్ధం చేసి ఇంటికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, గంటన్నరకు మించి దొరకదు. శని, ఆదివారాల్లో సున్నా. పొద్దున్నే వెళ్లి రాత్రి వరకు చలిలో నిలబడి కౌంట్ వారీగా, గ్రేడు వారీగా పెట్టెలు లెక్కించి వచ్చిన మనిషి రాత్రి 10 గంటలకు డేటా ముందు కూర్చుంటే తప్పులే చేస్తాడు, కాబట్టి ఆ గంటలను లెక్కలో వేయకండి. మొత్తం మూడున్నర గంటలు వచ్చింది. ఇంకా రెండున్నర గంటలు కావాలి.

రెండున్నర గంటలే కదా, సోమవారం రాత్రి వరకు అడిగితే చాలనిపిస్తుంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. లెక్కింపు ఆదివారంతో ముగుస్తుంది గాని దాని తోక సోమవారానికి వస్తుంది. షీట్లలో రాసిన పెట్టెల సంఖ్యకూ, సిస్టంలో ఉన్న సంఖ్యకూ తేడాలు రాకుండా ఉండవు. ఏ లాటు ఏ గదిలోకి మారిందో, ఏ పెట్టెలు శనివారం ఉదయం లారీకి ఎక్కాయో, ఆ డిస్పాచ్ ఎంట్రీ ఎప్పుడు పడిందో వెతికి సరిచూడాల్సింది స్టాక్ డేటా చూసే మీరే. ఆ పని సోమవారం సాయంత్రంతో ముగుస్తుందని మీరు గట్టిగా చెప్పగలరా? చెప్పలేకపోతే మంగళవారం రాత్రిని మీ అసలు పని రాత్రిగా పెట్టుకోండి. తప్పించుకోలేని పని ఎప్పుడు మొదలవుతుందో మాత్రమే కాదు, దాని తోక ఎప్పుడు తెగుతుందో కూడా చూసి తేదీ వేసుకోవాలి. తక్కువ అడిగి, అది చాలక మళ్లీ అడగడం కన్నా మొదటే సరిపడా అడగడం మేలు. మొదటి అభ్యర్థనను నేను మామూలు విషయంగా తీసుకుంటాను. అదే అసైన్‌మెంటుకు రెండోది వచ్చినప్పుడు మాత్రం, ఈ మనిషి తన పనిని అంచనా వేసుకోగలడా అన్న ప్రశ్న నాకు నిజంగానే వస్తుంది. డేటా ఉద్యోగంలో అది చిన్న ప్రశ్న కాదు.

మంగళవారం రాత్రి ముగించగలిగితే, గడువును మంగళవారం రాత్రి 11:59 అనకుండా బుధవారం ఉదయం 9 అనమని ఎందుకు చెబుతున్నానంటే, రాత్రి 11:59కి పంపినదాన్ని ఆ రాత్రి ఎవరూ తెరవరు. ఆదివారం రాత్రి గడువు అంటే దిద్దేవారు సోమవారం ఉదయం తెరుస్తారని అర్థం. మంగళవారం రాత్రి పంపినా, బుధవారం ఉదయం 9కి పంపినా, వారికి అది బుధవారం ఉదయమే చేరినట్టు. మీకు మాత్రం తెల్లవారాక ఒకసారి తాజా కళ్లతో చదువుకునే వీలు మిగులుతుంది. అదే మీరు "బుధవారం రాత్రి వరకు" అంటే వారి దృష్టిలో మూడు పనిదినాలు పోయినట్టు, "బుధవారం ఉదయం వరకు" అంటే రెండే పోయినట్టు. అడిగే ముందు గడువును దిద్దేవారి క్యాలెండరులో పెట్టి చూడండి. కంపెనీ విదేశాలది అయితే ఆ 11:59 ఏ దేశపు సమయమో కూడా చూసుకోవాలి. అది యూటీసీ ప్రకారం అయితే మనకు మర్నాడు ఉదయం 5:29 అవుతుంది. మీది హైదరాబాదు కంపెనీ కాబట్టి ఆ చిక్కు లేదు.

ఇక ఎప్పుడు అడగాలన్న విషయంలో నేను నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, రాజమండ్రిలో ఒక చిన్న సంస్థలో పనిచేస్తూ ఇలాగే ఒక అసైన్‌మెంటు తీసుకున్నాను. ఆదివారం రాత్రి గడువు. శనివారం మా ఖాతాదారు ఒకరి సర్వరు మార్పు పెట్టారు, రెండు రోజులూ అక్కడే ఉండాల్సి వచ్చింది. ఆ మార్పు తేదీ నాకు బుధవారం నాటికే తెలుసు. అయినా ఎలాగోలా కుదురుతుందిలే అనుకుంటూ, అడిగితే చులకన అవుతానేమోనని మొహమాటపడుతూ గడిపి, ఆదివారం రాత్రి 11:20కి గడువు పెంచమని మెయిల్ పెట్టాను. దాన్ని చదివేవారు ఆ సమయంలో ఎవరున్నారు? అర్ధరాత్రికి లింకు మూసుకుపోయింది. సోమవారం మధ్యాహ్నం మర్యాదగా రెండు వాక్యాల సమాధానం వచ్చింది, ఈసారికి ముందుకు తీసుకెళ్లలేమని. వారి తప్పు ఏమీ లేదు. నేను బుధవారమే అడిగి ఉంటే నా అభ్యర్థనలో ప్రణాళిక కనిపించేది. ఆదివారం రాత్రి అడిగేసరికి అదే కారణం, అదే నిజం, సాకులాగా వినిపించింది.

మీ విషయంలో మరో ఒత్తిడి ఉంది. గడువు ఆదివారం అయినా, మీ మెయిల్ చదివి నిర్ణయం చెప్పగలిగే పనిదినం శుక్రవారం ఒక్కటే. శనివారం అడిగితే సోమవారం దాకా జవాబు రాదు, అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. అందుకే ఉదయం 9:30 అన్నాను. హెచ్‌ఆర్ వారు కూర్చోగానే పైన కనిపించాలి. వారు దాన్ని దిద్దేవారికి పంపి, జవాబు తెచ్చుకుని, మీకు సాయంత్రంలోపు చెప్పడానికి ఒక పూర్తి రోజు ఉండాలి.

ఎవరికి రాయాలంటే, అసైన్‌మెంటు ఏ మెయిల్‌లో వచ్చిందో ఆ మెయిల్‌కే 'రిప్లై ఆల్' చేయండి. లింక్డ్‌ఇన్‌లో మేనేజరును వెతికి విడిగా సందేశం పెట్టకండి. అలా చేస్తే హెచ్‌ఆర్‌ను దాటి వెళ్లినట్టవుతుంది, పైగా గడువు తేదీలు పెట్టుకున్న మనిషికి ఆ సంగతి చేరకుండానే పోవచ్చు. అసైన్‌మెంటు ఏదైనా పరీక్షల వెబ్‌సైటు లింకు ద్వారా వచ్చి ఉంటే, దాన్ని తెరిచే ముందు ఒక్క క్షణం ఆగండి. అటువంటి వాటిలో తరచుగా రెండు గడియారాలు ఉంటాయి. లింకు ఏ తేదీ వరకు తెరుచుకుంటుందన్నది ఒకటి, "ప్రారంభించు" నొక్కాక ఎన్ని గంటలు నడుస్తుందన్నది రెండోది. మొదటిదాన్ని పంపినవారు సాధారణంగా జరపగలరు. రెండోది మీరు నొక్కాక ఆగదు. కాబట్టి టైమరు ఉన్న లింకు అయితే జవాబు వచ్చేవరకు నొక్కకండి. ఫైళ్లు నేరుగా మెయిల్‌లో వచ్చి ఉంటే మాత్రం ఈ రాత్రే తెరిచి చదవండి, అడిగే ముందు అందులో ఏముందో తెలియాలి.

మెయిల్ ఎలా ఉండాలో రాస్తున్నాను. మీరు పంపేది ఇంగ్లీషులోనే అయినా, ఏ వాక్యం ఎందుకు ఉందో తెలియడానికి తెలుగులో పెడుతున్నాను.

> విషయం: డేటా అనలిస్టు అసైన్‌మెంటు – గడువును ఏప్రిల్ 3, బుధవారం ఉదయం 9 గంటలకు మార్చమని అభ్యర్థన
>
> నమస్కారం.
>
> నిన్న పంపిన అసైన్‌మెంటు అందింది. దాన్ని సమర్పించే గడువును మార్చి 31 రాత్రి 11:59 నుంచి ఏప్రిల్ 3, బుధవారం ఉదయం 9 గంటలకు మార్చగలరా?
>
> నేను పనిచేస్తున్న చోట ఏడాది చివరి స్టాక్ లెక్కింపు ఈ శని, ఆదివారాల్లో జరుగుతోంది, అందులో నేను తప్పనిసరిగా ఉండాలి. పనికి మీరు సూచించిన ఆరు గంటలే వెచ్చిస్తాను. ప్రశ్నలు చదివి, డేటాను సరిచూడటం మొదలుపెట్టాను.
>
> మార్చడం వీలు కాకపోతే చెప్పండి, అప్పటికి పూర్తయిన భాగాన్ని ఆదివారం గడువులోపే పంపుతాను.
>
> ధన్యవాదాలు.
> (పేరు, ఫోను నంబరు)

ఇంతే. విషయం పంక్తిలోనే కొత్త తేదీ ఉంది కాబట్టి హెచ్‌ఆర్ వారు దాన్ని తెరవకుండానే దిద్దేవారికి ముందుకు పంపవచ్చు, వారు ఫోనులోనే "సరే" అనవచ్చు. కారణం ఒక్క వాక్యంలో ఉంది. చివరి వాక్యం, అంటే వీలు కాకపోతే ఉన్నది పంపుతానన్నది, చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అదే ముఖ్యమైనది. అది లేకపోతే అభ్యర్థన బెదిరింపులాగా మారే ప్రమాదం ఉంది, గడువు ఇవ్వకపోతే నేను తప్పుకుంటానన్నట్టు. అది ఉంటే, నిర్ణయం వారి చేతిలో పెట్టి మీ పని మీరు చేసుకుపోతున్నారని తెలుస్తుంది. "మొదలుపెట్టాను" అన్నది మాత్రం నిజంగా మొదలుపెట్టాకే రాయండి. ఈ రాత్రి ఆ రెండు గంటలు కూర్చుంటే అది నిజమే అవుతుంది.

కారణం విషయంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, మీ ప్లాంటు సంగతులు బయట పెట్టకండి. ఎంత సరుకు ఉంది, ఏ దేశపు కొనుగోలుదారు, ఏ ఆడిటర్లు వస్తున్నారు, గత ఏడాది ఎంత తేడా వచ్చింది, ఇవేవీ వారికి అవసరం లేదు. నమ్మకం కలగాలని అభ్యర్థులు వివరాలు గుప్పిస్తారు. అవి చదివినప్పుడు నాకు కలిగేది నమ్మకం కాదు, రేపు ఇతను మా సంస్థ సంగతులు కూడా ఇలాగే మరొకరికి రాస్తాడేమోనన్న శంక. ఒకసారి ఒక అభ్యర్థి తన మేనేజరు పంపిన డ్యూటీ షెడ్యూలు స్క్రీన్‌షాట్ జతచేశాడు. అందులో మరో పదిమంది పేర్లూ ఫోను నంబర్లూ ఉన్నాయి. అతని నిజాయతీని నేను శంకించలేదు, కానీ ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గరకు రాకూడదు. సాక్ష్యాలు ఎవరూ అడగరు, మీరూ పంపకండి.

రెండోది, ఆఫీసు పని అంటే బలహీనంగా ఉంటుందనుకుని దాన్ని జ్వరంగానో, ఇంట్లో పెళ్లిగానో మార్చి రాయకండి. నైతికత సంగతి అటుంచినా, ఈ పరిస్థితిలో నిజమే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఉన్న ఉద్యోగంలో మార్చి 31 లెక్కింపును వదిలి రాలేనని చెప్పే మనిషిని చూసి, రేపు మా దగ్గరా ఇలాగే నిలబడతాడని అనుకుంటాం. ఇంటర్వ్యూలో "ఆ లెక్కింపు ఎలా జరిగింది, తేడాలు ఎలా పట్టుకున్నారు?" అని అడిగితే, డేటా అనలిస్టుకు అంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. జ్వరం గురించి ఎవరూ అలా అడగరు.

అయితే ఆఫీసు కారణాలన్నీ ఒకే బరువు కలవి కావు. తేదీ మీ చేతిలో లేనిదై ఉండాలి, ఆ తేదీకి మీ స్థానంలో మరొకరు నిలబడలేని స్థితి ఉండాలి. ఒకసారి మన రాష్ట్రంలో ఎన్నికల పోలింగు జరిగినప్పుడు, పోలింగు విధుల్లో పడిన ఒక అధ్యాపకురాలు అమలాపురం నుంచి నాకు గడువు కోసం రాశారు. శిక్షణ ఎప్పుడు, సామగ్రి తీసుకుని ఎప్పుడు బయలుదేరాలి, ఎప్పుడు తిరిగి వస్తారు అన్నది అంతా ముందే ఖరారైనదే, ఆమె చేతిలో ఏమీ లేదు. రెండు వాక్యాల్లో రాశారు, మూడు రోజులు అడిగారు, వెంటనే ఇచ్చాం. అదే నెలలో మరొకరు "ఆఫీసులో పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, కొన్ని రోజులు సమయం కావాలి" అని రాశారు. ఆయన కూడా నిజమే చెప్పి ఉండవచ్చు. కానీ పని ఒత్తిడి ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో, కొన్ని రోజులు అంటే ఎన్నో నాకు తెలియలేదు. తేదీ అడుగుతూ తిరిగి రాశాం, జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది, ఆలోగా దిద్దేవారికి కేటాయించిన సమయం అయిపోయింది. మీ లెక్కింపు మొదటి రకానిది. మార్చి 31ను ఎవరూ ముందుకూ వెనక్కూ జరపలేరు, ఈ దేశంలో లెక్కల పుస్తకం చూసిన ప్రతి ఒక్కరికీ అది తెలుసు. అందుకే దాన్ని వివరించి చెప్పాల్సిన పని కూడా లేదు.

రెండు రోజుల ఆలస్యం వల్ల ఉద్యోగం చేజారుతుందా అన్న భయం కూడా మీ ప్రశ్నలో ఉందనిపించింది. మీ నోటీసు పీరియడ్ 30 రోజులో, 60 రోజులో, 90 రోజులో ఉంటుంది. ఎలాగూ నెలలు ఆగి చేర్చుకునే మనిషి కోసం రెండు పనిదినాలు ఆగడం కంపెనీకి పెద్ద విషయం కాదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఒకే పోస్టుకు పలువురు అభ్యర్థుల అసైన్‌మెంట్లను ఒకే రోజు కలిపి దిద్దుతారని గాని, సోమవారమే ప్యానెల్ కూర్చుంటుందని గాని అసైన్‌మెంటు మెయిల్‌లో స్పష్టంగా ఉంటే, గడువు మారే అవకాశం తక్కువ. అప్పుడు కూడా అడగవచ్చు, కానీ "కాదు" అన్న జవాబుకు సిద్ధపడి ఈ రాత్రి నుంచే పని మొదలుపెట్టాలి.

నిజానికి, టైమరు ఉన్న లింకు కాకపోతే, జవాబు ఏదైనా ఈ రాత్రి పని ఆపకూడదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, మెయిల్ పెట్టగానే గడువు వచ్చేసినట్టు అనుకుని పక్కన పెట్టడం. జవాబు రాకపోవడం ఒప్పుకోవడం కాదు. రాతపూర్వకంగా "సరే" వచ్చేవరకు ఆదివారం రాత్రే మీ గడువు. శుక్రవారం మధ్యాహ్నం 3 గంటల వరకు జవాబు లేకపోతే హెచ్‌ఆర్ వారికి ఒకసారి ఫోను చేయండి, "ఉదయం ఒక మెయిల్ పెట్టానండీ, చూశారేమో కనుక్కుందామని" అంటే చాలు. ఫోనులో సరేనంటే, కృతజ్ఞతలు చెబుతూ "మీరు చెప్పినట్టు బుధవారం ఉదయం 9 లోపు పంపుతాను" అని అదే మెయిల్ వరుసలో రాసి పెట్టండి. ఆ రాత ఉండాలి, ఎందుకో చివర చెబుతాను. బుధవారం కాదు, సోమవారం రాత్రి వరకే ఇవ్వగలమంటే, అది మీకు కుదురుతుందో లేదో ఆ ఫోనులోనే చెప్పకండి. లెక్కింపు తోక గుర్తుంచుకుని, పది నిమిషాలు ఆలోచించి జవాబు రాయండి.

కాదన్నా, అసలు పలకకపోయినా, మీ మూడున్నర గంటలతో ఏం చేయాలో ఇప్పుడే నిర్ణయించుకోవాలి. ఇలాంటి అసైన్‌మెంట్లలో సాధారణంగా డేటా శుభ్రపరచడం, కొన్ని ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు, ఒక చిన్న నివేదిక ఉంటాయి. మూడింటినీ సగం సగం చేసి పంపకండి. గురువారం రెండు గంటల్లో డేటా శుభ్రపరచడం పూర్తి చేసి, ఏ వరుసలు ఎందుకు తీసేశారో, ఖాళీలను ఏం చేశారో రాసిపెట్టండి. శుక్రవారం గంటలో ప్రశ్నల్లో ముఖ్యమైనవాటికి సరైన జవాబులు రాసి, రెండు మూడు వరుసలు చేత్తో లెక్కించి సరిచూడండి. మిగిలిన అరగంటలో `README.md` రాయండి. ఏది పూర్తయింది, ఏది కాలేదు, కానిదాన్ని చేసి ఉంటే ఏ పద్ధతిలో చేసేవారు అన్నది అరపేజీలో ఉండాలి. మూడింట రెండు భాగాలు సరిగ్గా ఉండి, మూడోది లేదని నిజాయతీగా రాసినవారిని నేను ఇంటర్వ్యూకు పిలిచిన సందర్భాలు ఉన్నాయి. మూడూ ఉండి, మొత్తాలు ఒకదానితో ఒకటి కలవని పనిని ముందుకు పంపిన గుర్తు మాత్రం లేదు. చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది. నివేదికలో మొత్తం అమ్మకం ఒకటి ఉంటుంది, కింద పట్టికలో నెలవారీ మొత్తాలు కూడితే మరొకటి వస్తుంది. శనివారం రాత్రి అలసటతో చేసిన పనిలో దొరికేవి ఇవే.

ఇంకొక మాట, ఇది గడువుకు సూటిగా సంబంధించకపోయినా మీ పరిస్థితిలో అవసరం. లెక్కింపు మధ్యలో ఖాళీ దొరికింది కదా అని ప్లాంటు కంప్యూటరులో అసైన్‌మెంటు తెరవకండి, ఆఫీసు మెయిల్ నుంచి ఏదీ పంపకండి. అక్కడ ఏం తెరిచారో సిస్టంలో నమోదై ఉంటుంది, ఉద్యోగం మారే ప్రయత్నం మీరు చెప్పకముందే బయటపడుతుంది. సాధన కోసం కూడా ప్లాంటు స్టాక్ డేటాను వాడకండి, అసైన్‌మెంటులో ఉదాహరణగా పెట్టడం అయితే అసలే వద్దు. సొంత ల్యాప్‌టాప్, సొంత మెయిల్, సొంత ఇంటర్నెట్.

గడువు ఇచ్చారనుకుందాం, మీరు బుధవారం ఉదయం 8:30కి పంపుతున్నారు. ఆ మెయిల్‌లో మొదటి వాక్యంగా "మార్చి 29న మీరు అంగీకరించిన ఏప్రిల్ 3 ఉదయం 9 గంటల గడువు ప్రకారం పంపుతున్నాను" అని రాయండి, దాన్ని అదే వరుసలో జవాబుగా పంపండి. గడువు ఇచ్చింది హెచ్‌ఆర్, దిద్దేది మరొకరు. చాలాసార్లు ఆ రెండో మనిషికి మధ్యలో జరిగింది తెలియదు. నా ముందుకు వచ్చే జాబితాలో మీ పేరు పక్కన మార్చి 31 అన్న పాత తేదీ, దాని పక్కన ఏప్రిల్ 3న అందినట్టు గుర్తు మాత్రమే ఉంటాయి. ఒకసారి అలా ఒకరి పనిని ఆలస్యంగా వచ్చినదిగా పక్కన పెట్టాను. రెండు రోజుల తరువాత హెచ్‌ఆర్ సహోద్యోగి చెబితే గాని, ఆయన అనుమతితోనే పంపారని నాకు తెలియలేదు. ఆయన మెయిల్‌లో ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ రెండు రోజులు పోయేవి కావు.